ఒకటో తరగతి గది రెండర్ ఎలా చేయాలి: చిన్న బల్లలు, పై కిటికీల వెలుగు, కడిగే గోడలు

ప్రైమరీ స్కూల్ క్లాస్‌రూమ్ రెండర్లు చాలావరకు ఆఫీసు కాన్ఫరెన్స్ హాల్లా ఉంటాయి. రంగులు మాత్రం పిల్లలవి, కొలతలు పెద్దవాళ్లవి. వెలుగు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియదు. గోడలేమో ఒక్క చెయ్యి పడితే మాసిపోయేలా ఉంటాయి. హెడ్మాస్టరో, దాతలో, కమిటీవాళ్లో ఆ బొమ్మ చూసే సరే అంటారు. కట్టాక గదిలో కనబడేది వేరు. ఆ తేడా రాకుండా రెండర్ ఎలా చేయాలో ఒక గదిని పట్టుకుని చెబుతాను. నేను వాడేది బ్లెండర్, అందులో సైకిల్స్ ఇంజిన్. వేరే సాఫ్ట్‌వేర్ వాడినా లెక్కలు ఇవే, బటన్ల పేర్లే మారతాయి.

గది హైదరాబాద్ దగ్గర ఒక ఊళ్లో ఉందనుకోండి. ఒకటి, రెండు తరగతుల పిల్లలు 30 మంది. లోపలి కొలత తూర్పు పడమరలుగా 7.5 మీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 6 మీటర్లు. సీలింగ్ ఎత్తు 3.6 మీటర్లు. ఉత్తరం వైపు 2.1 మీటర్ల వరండా, దాని స్లాబు పై మట్టం 2.6 మీటర్లు. అంటే వరండా కప్పుకు, గది కప్పుకు మధ్య ఒక మీటరు గోడ ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీలోనే గోడ పొడవునా పై కిటికీలు పెడతాం. మన ఇళ్లలో వెంటిలేటర్ అనేదాన్ని ఒక వరసగా సాగదీసినట్టు ఉంటుంది. ఆర్కిటెక్టులు క్లియర్‌స్టోరీ అంటారు. కింది అంచు 2.7 మీటర్ల దగ్గర, పై అంచు 3.3 దగ్గర, పైన 3.4 మీటర్ల మట్టంలో 45 సెంటీమీటర్ల సన్‌షేడ్.

ముందు దిక్కులు

మోడల్ మొదలుపెట్టే ముందే ఉత్తరం ఎటో తేల్చుకోండి. బ్లాక్‌బోర్డు తూర్పు గోడకి పెట్టండి. అప్పుడు పిల్లలు తూర్పుకి తిరిగి కూర్చుంటారు, ఉత్తరం వాళ్ల ఎడమ పక్కన ఉంటుంది. కుడిచేత్తో రాసే పిల్లలకి పై వెలుగు ఎడమ నుంచి వస్తే రాసేచోట చేతి నీడ పడదు. బోర్డు ఉన్న గోడలో కిటికీ ఉండకూడదు, ఉంటే పిల్లల కళ్లకి ఎదురుగా వెలుగు కొడుతుంది. రెండర్‌లో బోర్డు గోడని అందం కోసం కిటికీలతో నింపేవాళ్లు ఈ ఒక్క విషయం ఆలోచించరు.

పై కిటికీలు ఉత్తరానికే ఎందుకు? హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. డిసెంబర్ 21 మధ్యాహ్నం సూర్యుడు దక్షిణంలో 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఇవే కిటికీలు సన్‌షేడ్ లేకుండా దక్షిణం గోడకి పెడితే, 53 సెంటీమీటర్ల ఎత్తున్న బల్ల మీద ఎండ ఎక్కడ పడుతుందో లెక్క ఇది:

```
(2.7 - 0.53) / tan(49°) = 1.9 మీ
(3.3 - 0.53) / tan(49°) = 2.4 మీ
```

దక్షిణం గోడ నుంచి 1.9 నుంచి 2.4 మీటర్ల దూరంలో, సరిగ్గా పిల్లల పుస్తకాల మీద అర మీటరు వెడల్పున ఎండ పట్టీ పడుతుంది. బొమ్మలో అది చాలా బాగుంటుంది. పుస్తకం చదవాల్సిన పిల్లకి మాత్రం కళ్లు చెదురుతాయి. ఉత్తరం కిటికీకి ఈ బాధ లేదు. జూన్‌లో సూర్యుడు తూర్పు కంటే కాస్త ఉత్తరంగా ఉదయిస్తాడు కాబట్టి అనుమానం రావచ్చు. జూన్ 21న ఉదయం 8 గంటల లెక్క వేసి చూస్తే, మన 45 సెంటీమీటర్ల సన్‌షేడ్ నీడ కిటికీ కింది అంచు దాటి పడుతుంది. బడి గంట కొట్టేసరికి లోపలికి ఎండ రాదు.

బ్లెండర్‌లో దీన్ని కంటితోనే చూసుకోవచ్చు. `Sun Position` యాడ్‌ఆన్ (కొత్త వెర్షన్లలో `Get Extensions` నుంచి వేసుకోవాలి) ఆన్ చేసి అక్షాంశం 17.385, రేఖాంశం 78.487, టైమ్ జోన్ 5.5 ఇవ్వండి. మోడల్‌లో ఉత్తరం ఏ అక్షం వైపుందో `North Offset` తో సరిచేయండి. ఇది మరిచిపోతే తర్వాత చేసే పనంతా తప్పు దిక్కులో చేసినట్టే. డిసెంబర్ 21, మార్చి 21, జూన్ 21 తేదీలు మార్చి, ఉదయం తొమ్మిది నుంచి నాలుగు దాకా గంట గంటకీ వ్యూపోర్ట్‌లో నీడలు చూడండి. ఈ పని టెక్స్చర్లు వేయకముందే చేయాలి. గది బూడిద రంగులో ఉన్నప్పుడే వెలుగు తప్పులు బయటపడతాయి.

బల్లలు: తగ్గించడం కాదు, మళ్లీ గీయడం

ఇక్కడ అందరూ చేసే పని, ఇంటర్నెట్‌లో దొరికిన పెద్దవాళ్ల కుర్చీని తెచ్చి 0.7కి స్కేల్ చేయడం. అలా చేస్తే ఎత్తుతో పాటు మందం కూడా తగ్గిపోతుంది. 25 మిల్లీమీటర్ల ఇనుప పైపు 17.5 అవుతుంది, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 12.6 అయిపోతుంది. నిజంగా బడికి వచ్చే బల్లకి పైపు అదే 25, ప్లైవుడ్ అదే 18. పిల్లల ఫర్నిచర్ పొట్టిగా, కాస్త మొద్దుగా ఉంటుంది. ఆ మొద్దుతనం లేకపోతే ఫొటోలో బొమ్మరిల్లు సామాను అనిపిస్తుంది. చూసేవాళ్లకి ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది కానీ ఏమిటో చెప్పలేరు.

కొలతలకి యూరప్‌వాళ్ల స్కూల్ ఫర్నిచర్ ప్రమాణం ఈఎన్ 1729 మంచి ఆధారం. అందులో పిల్లల ఎత్తుని బట్టి సైజులున్నాయి. 108 నుంచి 121 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లలకి సైజు 2, అంటే కూర్చునే ఎత్తు 31, బల్ల ఎత్తు 53 సెంటీమీటర్లు. ఆ పై పిల్లలకి, దాదాపు 119 నుంచి 142 దాకా, సైజు 3: కూర్చునేది 35, బల్ల 59. ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఎక్కువమంది మొదటి దాంట్లోకి వస్తారు. నాలుగు, ఐదు తరగతులకి రెండోది. మన బళ్లలో అన్ని తరగతులకీ ఒకే సైజు డ్యూయల్ డెస్కులు వేయడం మామూలే, పిల్లల కాళ్లు గాల్లో వేలాడుతుంటాయి. మీ రెండర్‌లో అయినా సరైన సైజు చూపిస్తే, కొనేటప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు.

మన గదికి ఇద్దరు కూర్చునే డ్యూయల్ డెస్క్ తీసుకుందాం. వెడల్పు ఒక మీటరు, బల్ల పైభాగం లోతు 45 సెంటీమీటర్లు. 30 మందికి 15 డెస్కులు. మూడు నిలువు వరసలు, ఒక్కో వరసలో ఐదు. మూడు డెస్కులకి మూడు మీటర్లు, మధ్యలో, గోడల పక్కన కలిపి నాలుగు దారులకి 70 సెంటీమీటర్ల చొప్పున 2.8. మొత్తం 5.8, ఆరు మీటర్ల వెడల్పులో సరిపోతుంది. ముందూ వెనకా డెస్కుల దూరం 90 సెంటీమీటర్లు వేస్తే 4.5 మీటర్లు, బోర్డు ముందు 1.8 వదిలితే వెనక 1.2 మిగులుతుంది. ఇలా లెక్కతో పేర్చితే గది ఎంత కిక్కిరిసి ఉంటుందో నిజం తెలుస్తుంది. ఖాళీగా కనబడాలని ఆరు డెస్కులు మాత్రమే పెట్టి రెండర్ ఇచ్చేవాళ్లున్నారు. అది 30 మంది గది బొమ్మ కాదు.

డెస్కులన్నీ అచ్చు ఒకేలా వరసలో ఉంటే కంప్యూటర్ బొమ్మ అని వెంటనే తెలిసిపోతుంది. ఒక్కోదాన్ని ఒకటి రెండు డిగ్రీలు తిప్పండి, రెండు మూడు సెంటీమీటర్లు జరపండి. అంతకు మించొద్దు. అంచులకి 2 లేదా 3 మిల్లీమీటర్ల `Bevel` ఇవ్వండి. పిల్లల బల్లకి కోసుకునే అంచు ఉండదు, పైగా ఆ గుండ్రని అంచు మీదే వెలుగు గీత పడుతుంది.

సైజు తెలియాలంటే పోల్చుకోవడానికి పెద్దవాళ్ల కొలత ఒకటి ఫ్రేములో ఉండాలి. 2.1 మీటర్ల తలుపు, 75 సెంటీమీటర్ల టీచర్ బల్ల చాలు. బోర్డు కింది అంచు 60 సెంటీమీటర్ల దగ్గర, సంచులు తగిలించే కొక్కేలు ఒక మీటరు దగ్గర పెట్టండి. దక్షిణం గోడకి మామూలు కిటికీలుంటాయి, వాటి గట్టు 75 సెంటీమీటర్లు ఉంటే పిల్లలు నిలబడి బయటికి చూడగలరు.

వెలుగు

`World` లో `Sky Texture` పెట్టి, సూర్యుణ్ణి `Sun Position` తో కలపండి. మెయిన్ రెండర్‌కి నేను మార్చి 21 ఉదయం 11 గంటలు తీసుకుంటాను. ఆ రోజుకి ఒక సుళువుంది. తూర్పు పడమరలుగా ఉన్న కప్పు అంచు నీడ ఆ రోజంతా ఒకే గీత మీద ఉంటుంది. ఈ గదికైతే వరండా స్లాబు మీద గోడ నుంచి దాదాపు 70 సెంటీమీటర్ల దాకా సన్‌షేడ్ నీడ, మిగతాదంతా ఎండ. ఆ ఎండ పడే స్లాబుని మోడల్ చేయకుండా వదిలేయకండి. దానికి సున్నమో, తెల్లటి కూల్ రూఫ్ పెయింటో వేసినట్టు చూపిస్తే, అక్కణ్ణుంచి ఎగిసిన వెలుగు పై కిటికీలోంచి సీలింగ్‌ని తాకి గదిలోకి పరుచుకుంటుంది. నల్లటి సిమెంటు స్లాబు పెట్టి ఒకసారి, తెల్లది పెట్టి ఒకసారి చిన్న సైజులో రెండర్ చేయండి, సీలింగ్‌లో తేడా కనబడుతుంది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న సూచన ఇది. క్లయింటుకి ఇవ్వదగ్గది.

పై కిటికీలకి గాజు పెట్టగానే గది చీకటైపోయిందా? మామూలు `Glass BSDF` లోంచి ఎండ సరిగా లోపలికి రాదు, సైకిల్స్ దాన్ని కాస్టిక్స్ లెక్కలో వేస్తుంది. దాని బదులు `Transparent BSDF` నీ `Glossy BSDF` నీ `Fresnel` తో కలపండి. పారదర్శకం రంగు విలువ 0.88 దగ్గర పెడితే మామూలు గాజుకి దగ్గరగా ఉంటుంది. ఎత్తులో ఉన్న గాజు ఎవరూ తుడవరు కాబట్టి 0.75కి తగ్గించినా అబద్ధం కాదు. ప్రతి కిటికీ దగ్గరా దాని సైజుకి సరిపడా `Area` లైటు పెట్టి `Portal` టిక్ చేయండి, బాణం గది లోపలికి చూడాలి. పోర్టల్ వెలుగు పెంచదు, నాయిస్ తగ్గిస్తుంది. `Light Paths` లో `Diffuse` బౌన్సులు 4 ఉంటాయి, 8 చేయండి. పై నుంచి వచ్చే వెలుగు సీలింగ్, గోడ, నేల తాకి బల్ల కిందికి చేరాలంటే నాలుగు చాలవు.

ఇప్పుడు అసలు విషయం. పై కిటికీ పెడితే గదంతా వెలుగే అనుకుంటారు. కాదు. ఉత్తరం గోడకి ఒక మీటరు దూరంలో ఉన్న బల్ల మీద నుంచి చూస్తే కిటికీ కింది అంచు 65 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. సన్‌షేడ్ అంచు 63 డిగ్రీల దగ్గరే అడ్డొస్తుంది. అంటే ఆ బల్లకి పై కిటికీలోంచి ఆకాశం అసలు కనబడదు. అదే అయిదు మీటర్ల దూరంలో ఉన్న బల్లకి 23 నుంచి 28 డిగ్రీల మధ్య ఆకాశం కనబడుతుంది. పై కిటికీ వెలుగు ఇచ్చేది గది అవతలి సగానికి. కింద ఉన్న వరసకి వరండాలోకి తెరుచుకునే మామూలు కిటికీలే దిక్కు, అవి నీడలో ఉంటాయి.

రెండర్ ఈ నిజాన్ని చూపించాలి. చీకటిగా ఉందని గది లోపల దొంగ లైటు పెట్టి నింపేస్తే, రేపు ఆ వరస పిల్లలు పొద్దుటి నుంచే ట్యూబ్‌లైటు వేసుకుని కూర్చుంటారు. చూసుకోవడం తేలికే. ప్రతి నిలువు వరసలో ఒక బల్ల మీద చిన్న తెల్ల కాగితం మోడల్ పెట్టండి. `Color Management` లో `View Transform` ని `False Color` కి మార్చి రెండర్ చేయండి. కాగితాల రంగులు వేర్వేరు పట్టీల్లో పడితే ఎక్కడ వెలుగు తక్కువో తెలుస్తుంది. ఇది లక్స్ లెక్క కాదు, పోలిక మాత్రమే. లక్స్ కావాలంటే డేలైట్ సాఫ్ట్‌వేర్‌లో విడిగా చేయాలి. ఉత్తరం వరస మరీ వెనకబడితే సన్‌షేడ్‌తో ఆడుకోకండి, జడివానకి అది కావాలి. వరండా సీలింగ్ తెలుపు చేసి, వరండా వైపు కిటికీలు వెడల్పు చేసి మళ్లీ చూడండి.

గోడలు

కడిగే గోడ అంటే ఒకే పెయింటు కాదు, మూడు పట్టీలు. కింద 10 సెంటీమీటర్లు తాండూరు రాయి స్కర్టింగ్, తడిగుడ్డ, చీపురు తగిలేది అక్కడే. దానిపైన 1.2 మీటర్ల దాకా ఎనామిల్ పెయింట్ డాడో. ఆరేళ్ల పిల్ల ఎత్తు సుమారు 116 సెంటీమీటర్లు, నడుస్తూ గోడకి చెయ్యి రాసేదంతా ఈ పట్టీలోకే వస్తుంది. ఆ పైన వాషబుల్ ఎమల్షన్. డాడో పైన రెండు మూడు సెంటీమీటర్ల ముదురు గీత వేయడం మన పెయింటర్ల అలవాటు. అది వేస్తే గది వెంటనే మన బడిలా అనిపిస్తుంది.

ఈ మూడింటికీ మెరుపులో తేడా ఉండాలి. `Principled BSDF` లో ఎమల్షన్‌కి `Roughness` 0.7, ఎనామిల్‌కి 0.3, రాయికి 0.4 దగ్గర మొదలుపెట్టండి. ఎనామిల్ గోడ అద్దంలా నున్నగా ఉండదు, రోలర్ చుక్కలు ఉంటాయి. రెండు మూడు మిల్లీమీటర్ల సైజు నాయిస్‌ని `Bump` కి ఇచ్చి `Distance` అర మిల్లీమీటరు పెట్టండి. కిటికీ ప్రతిబింబం డాడో మీద కాస్త చెదిరి కనబడిందంటే సరిగ్గా వచ్చినట్టు. బోర్డుకి మాత్రం 0.6 కంటే తగ్గించొద్దు. కెమెరాని చివరి బెంచీలో కూర్చున్న పిల్ల కంటి దగ్గర పెట్టి బోర్డు మీద దక్షిణం కిటికీ మెరుస్తోందేమో చూడండి.

రంగుల విలువలే వెలుగుని నిలబెడతాయి, చెడగొడతాయి కూడా. సీలింగ్‌కీ పై గోడకీ `E7E7E7` అంటే దాదాపు 80 శాతం వెలుగు తిరిగొస్తుంది. తెలుపు అని `FFFFFF` పెడితే వెలుగు ఎంత తిరిగినా తగ్గదు, గది పాలిపోయి ఎక్కడా నీడే ఉండదు. అలాంటి గోడ లోకంలో లేదు. తాండూరు నేలకి `959595` చుట్టుపక్కల, అంటే 30 శాతం. డాడోకి 40 నుంచి 50 శాతం ఉన్న లేత రంగు. షేడ్ కార్డులోని చిలకాకుపచ్చని నేరుగా పెడితే ఎగిసిన వెలుగుతో సీలింగ్ కూడా పచ్చబడుతుంది. అలా అయితే `Saturation` తగ్గించండి, వెలుగు సెట్టింగులు ముట్టుకోవద్దు.

మాపు కూడా వేయండి, కానీ కనబడీ కనబడనట్టు. డెస్కు అంచు తగిలే 50 నుంచి 60 సెంటీమీటర్ల మధ్య సన్నటి గీతలు, తలుపు పక్కన 70 నుంచి 110 మధ్య చేతి జిడ్డు. ఇవి రంగులో కాకుండా `Roughness` మ్యాప్‌లో వేస్తే తుడిచిన గోడలా ఉంటుంది, రంగులో వేస్తే పాడుబడ్డ గోడలా ఉంటుంది.

ఒక జాగ్రత్త. పాత గోడకి కింద నుంచి తేమ లాగుతుంటే ఎనామిల్ బుడగలొచ్చి ఊడిపోతుంది. రెండర్‌లో ఆ సంగతి తెలియదు. అలాంటి గదికి ముందు తేమ ఆపించాలి, లేదా డాడోకి టైల్స్ చూపించాలి. టైల్స్ వేస్తే 2 మిల్లీమీటర్ల జాయింట్లు లోపలికి దిగి, కాస్త గరుకుగా ఉండేలా మోడల్ చేయండి. జాయింట్లు లేని టైల్ గోడ ప్లాస్టిక్ షీట్‌లా కనబడుతుంది.

కెమెరా, రెండర్

కెమెరా ఎత్తు 1.05 మీటర్లు. అది నిలబడ్డ ఆరేళ్ల పిల్ల కంటి మట్టం. మామూలుగా పెట్టే 1.6 నుంచి చూస్తే బల్లలు కింద ఎక్కడో ఉన్న బొమ్మల్లా ఉంటాయి. కిందికి దించేసరికి పై కిటికీలు ఫ్రేములోంచి పోతాయి. అప్పుడు కెమెరాని పైకి వంచకండి, గోడలు వాలిపోతాయి. నిటారుగానే ఉంచి `Shift Y` 0.1 ఇవ్వండి. 24 మిల్లీమీటర్ల లెన్సుతో, 3:2 ఫ్రేములో, అయిదు మీటర్ల దూరంలో సీలింగ్ దాకా అందుతుంది. వెనక గోడ నైరుతి మూల నుంచి ఈశాన్యం వైపు చూస్తే పై కిటికీలు, బోర్డు, డాడో మూడూ ఒకే ఫ్రేములో వస్తాయి.

ఉత్తరపు ఆకాశం వెలుగు నీలంగా ఉంటుంది కాబట్టి గది చలికాలం పొద్దులా వస్తుంది. కొత్త బ్లెండర్ వెర్షన్లలో `Color Management` కింద `White Balance` ఉంది, పై గోడ తెలుపు తటస్థంగా కనబడేదాకా సరిచేయండి. `View Transform` `AgX` లో ఉంచండి. `Exposure` ని బల్ల మీది కాగితం తెల్లగా, అంచులు తెలిసేలా ఉన్నచోట ఆపండి. పై కిటికీలోంచి ఆకాశం కొంచెం పేలిపోయినా ఫర్వాలేదు, కంటికీ అలాగే ఉంటుంది.

512 శాంపిల్స్‌తో మొదలుపెట్టి డీనాయిజ్ చేయండి. శాంపిల్స్ తక్కువైతే డీనాయిజర్ ముందుగా తినేసేది మీరు కష్టపడి వేసిన రోలర్ చుక్కలనీ, గోడ గీతలనీ. డాడో నున్నగా పాలిష్ చేసినట్టు వచ్చిందంటే 1024కి పెంచండి.

డిసెంబర్ 21 మధ్యాహ్నం, జూన్ 21 ఉదయం 9 గంటల బొమ్మలు కూడా అదే ఎక్స్‌పోజర్‌తో తీసి పక్కన పెట్టండి. ఒక్కో బొమ్మకి విడిగా ఎక్స్‌పోజర్ సరిచేస్తే మూడూ ఒకేలా వెలిగిపోతాయి, పోల్చడానికి ఏమీ మిగలదు. ఫైల్ పంపేటప్పుడు బొమ్మ కింద తేదీ, సమయం, డెస్కు సైజు, మూడు గోడ పట్టీల పేర్లు ఒక్క లైనులో రాయండి. మేస్త్రీకీ, పెయింటర్‌కీ పనికొచ్చేది ఆ లైనే.